మూడు ప్రశ్నల క్రాస్

మొన్న మా పిన్ని కూతురి పెళ్లిలో భోజనాల దగ్గర బాబాయి ఒక మాట అన్నారు. టీవీలో ఏదో హత్య కేసు గురించి రోజూ చూపిస్తున్నారట. "అంత పని చేసినవాడికి గవర్నమెంటే లాయర్ని పెట్టి ఇస్తుందటగా అమ్మా, ఇంకేం కావాలి వాడికి?" అన్నారు. పక్కనున్న ఇద్దరు ముగ్గురు నావైపు తిరిగారు, నేను లాయర్నని తెలుసు కాబట్టి. "అవును బాబాయ్, ఇస్తుంది" అని విస్తట్లో పప్పు కలుపుకున్నాను. అంతకు మించి ఏం చెప్పాలన్నా ఒక కేసు మొదటినుంచీ చెప్పుకుంటూ రావాలి. పెళ్లి భోజనాల దగ్గర చెప్పే కథ కాదది. ఆ గవర్నమెంటు ఇచ్చిన లాయర్ని ఒకప్పుడు నేనే.

ఆ జవాబు ఇక్కడ రాస్తున్నాను.

ఆ రోజు ఉదయం

2013 వర్షాకాలం. నేను ప్రాక్టీసు మొదలుపెట్టి ఆరేళ్లు. లీగల్ ఎయిడ్ ప్యానెల్లో పేరు ఉంది. పొద్దున పదిన్నరకి ఇంకో కోర్టు వరండాలో నిలబడి ఉంటే అటెండరు వచ్చి, "మేడమ్, సారు పిలుస్తున్నారు, లీగల్ ఎయిడ్ కేసు" అన్నాడు. వెళ్లేసరికి పీడబ్ల్యూ1 బోనెక్కి ఉంది. అంటే మొదటి సాక్షి, ఫిర్యాదు చేసిన మనిషి. యాభై దాటిన అంగన్‌వాడీ ఆయా. రాత్రి పొద్దుపోయాక చుట్టాలింటి నుంచి నడిచి వస్తుంటే ఎవరో కత్తి చూపించి మెడలో గొలుసు తెంపుకుపోయాడు. అడ్డుపడబోతే చేతికి కత్తి గాటు పడింది. ముద్దాయి ఇరవై మూడేళ్ల కుర్రాడు. పాత ఐపీసీ 394, 397 సెక్షన్లు. రెండోదానికి ఏడేళ్లకి తగ్గకుండా శిక్ష వేయాలి, మొదటిదానికి యావజ్జీవం దాకా పోవచ్చు.

ఆ కుర్రాడి తల్లి ఎవరికో డబ్బు కట్టి లాయర్ని పెట్టుకుంది. ఆ లాయరు రెండు మూడు వాయిదాలకి వచ్చి తర్వాత రావడం మానేశారు. సమన్లు వెళ్లాయి, సాక్షులొచ్చారు, ముద్దాయి తరఫున ఎవరూ లేరు. జడ్జిగారు చేయాల్సిన పనే చేశారు, లీగల్ ఎయిడ్ కింద నన్ను నియమించారు. నేను టైమడిగాను. "సాక్షి వచ్చి ఉన్నారు కదమ్మా, పాస్ ఓవర్ ఇస్తాను, లంచ్ తర్వాత చేయండి" అన్నారు. ఆయన కఠినంగా ఏమీ అనలేదు. వాయిదాల మీద వాయిదాలు పడుతున్న పాత కేసుల లెక్క పైనుంచి అడుగుతుంటారు, సాక్షి రెండోసారి వస్తుందన్న నమ్మకమూ లేదు.

అవతలివైపు వాదించే పీపీ, అంటే పబ్లిక్ ప్రాసిక్యూటర్, దగ్గర కేసు కాగితాల కట్ట తీసుకుని వరండా బల్ల మీద కూర్చున్నాను. ముద్దాయికి ఇవ్వాల్సిన కాపీలు ఎప్పుడో ఇచ్చారు, అతను సంతకమూ పెట్టాడు. అవి జైల్లో బ్యారక్‌లో ఉన్నాయో, మానేసిన లాయరు గుమస్తా దగ్గర ఉన్నాయో తెలియదు. పీపీ కట్టలో అన్నీ ఉన్నాయి కానీ పీపీకి మధ్యలో ఇంకో కేసులో అవసరం పడి తీసుకుపోయారు. మొత్తం మీద నా చేతిలో ఆ కట్ట నలభై నిమిషాలు ఉందేమో. ఎఫ్ఐఆర్ చదివాను, ఛార్జిషీటు చదివాను, గొలుసు దొరికినప్పటి పంచనామా చదివాను. మిగతావి తిరగేశాను.

లంచ్ తర్వాత బోను దగ్గరికి వెళ్లి ఆ కుర్రాడితో మాట్లాడబోయాను. ఎస్కార్ట్ కానిస్టేబుల్ అటొకరు ఇటొకరు. అతను నన్ను కిందినుంచి పైకి చూసి, "మీరు మా వైపేనా?" అని అడిగాడు. అవునన్నాను. నమ్మినట్టు కనిపించలేదు. పొద్దుట్నుంచి నేను పీపీతో మాట్లాడటం, పీపీ కట్ట పట్టుకుని తిరగడం చూశాడు మరి. ఈలోగా జడ్జిగారు బెంచి మీదికి వచ్చేశారు.

సాక్షి చెప్పింది: కరెంటు స్తంభం లైటు వెలుగులో ముఖం చూశాను, తర్వాత జైలుకి పిలిస్తే గుర్తుపట్టాను, ఈ అబ్బాయే. ఆమె తెలుగులో చెప్తుంటే జడ్జిగారు ఇంగ్లిష్‌లో డిక్టేట్ చేశారు. తర్వాత క్రాస్, అంటే అవతలి సాక్షిని ఎదురు ప్రశ్నలడగడం. నా క్రాస్ మూడు ప్రశ్నలు. రాత్రి తొమ్మిదింటికి ఆ దారిలో జనం తిరుగుతుంటారా? తిరగరు. ముద్దాయి మీకు అంతకుముందు తెలుసా? తెలియదు. పోలీసులు చెప్పినట్టు అబద్ధపు సాక్ష్యం చెబుతున్నారు? నిజం కాదు. ఆమె సాక్ష్యం రాసుకున్న డిపాజిషన్‌లో నాలుగు లైన్లు. "రీ-ఎగ్జామినేషన్ నిల్" అని రాసి, సాక్షి చేత సంతకం పెట్టించారు.

రాత్రి చదివిన కాగితాలు

సాయంత్రం జెరాక్సులు తీయించుకుని ఇంటికి వెళ్లి చదివాను. ఆమె పోలీసుల ముందు ఇచ్చిన వాంగ్మూలం, 161 స్టేట్‌మెంట్ అంటాం, దాని రెండో పేజీలో ఒక వాక్యం ఉంది. ఆ మనిషి ముఖానికి తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు.

చట్టం తెలియనివాళ్లు ఇక్కడ ఒక మాట అడుగుతారు, అడగాల్సిందే. ఆ కాగితం కోర్టు ఫైల్లోనే ఉంది కదా, జడ్జిగారు చదివి అర్థం చేసుకోరా? చదవచ్చు, కానీ తీర్పులో వాడుకోకూడదు. పోలీసుల ముందు ఇచ్చిన వాంగ్మూలం సాక్ష్యం కాదు. ముద్దాయి తరఫున దానికి ఉన్నది ఒకే ఒక్క ఉపయోగం: సాక్షి కోర్టులో చెప్పినదానికీ అప్పుడు చెప్పినదానికీ తేడా చూపించడం. అదైనా ఒక పద్ధతిలో చేయాలి. సాక్షి బోనులో ఉండగానే ఆ వాక్యం చదివి వినిపించి, "మీరు పోలీసులకి ఇలా చెప్పారా?" అని అడగాలి. చెప్పలేదని ఆమె అంటే, ఆ వాక్యం వరకు గుర్తుపెట్టి ఉంచుకోవాలి. తర్వాత దర్యాప్తు అధికారి సాక్ష్యానికి వచ్చినప్పుడు "ఆమె మీ ముందు ఈ మాట చెప్పిందా?" అని అడిగి అవుననిపించాలి. అప్పుడే అది డీ1 అని ముద్దాయి తరఫు ఎగ్జిబిట్ అవుతుంది. మొదటి మెట్టు తప్పితే రెండో మెట్టు లేదు. సాక్షి బోను దిగిపోయిందంటే ఆ తువ్వాలు వాక్యం ఫైల్లో ఉండీ లేనట్టే.

ఇంకొకటి కూడా ఉంది. జైల్లో జరిగిన గుర్తింపు పరేడ్ తాలూకు రిపోర్టు, ఒక మేజిస్ట్రేటు రాసింది. అలాంటి రిపోర్టుల చివర్లో ముద్దాయి ఏమైనా చెప్పుకుంటే రాస్తారు. ఈ కుర్రాడు చెప్పుకున్నాడు. "నన్ను ముందే స్టేషన్లో ఆమెకి చూపించారు" అని. ఒకటే లైను. నిజమో కాదో వేరే సంగతి. నేను ఆ ఉదయం పది నిమిషాలు అతని పక్కన కూర్చుని ఉంటే అతను మొట్టమొదట చెప్పే మాట అదే అయ్యుండేది. రెండు నెలల తర్వాత, జైల్లో లీగల్ ఎయిడ్ క్లినిక్‌లో కలిసినప్పుడు మొట్టమొదట చెప్పింది అదే.

సాక్షిని మళ్లీ పిలిపించమని 311 కింద పిటిషన్ వేశాను. పీపీ కౌంటరులో ఇదంతా లోపాన్ని పూడ్చుకునే ప్రయత్నమన్నారు. పిటిషన్ కొట్టేశారు. కారణం రెండు ముక్కల్లో ఉంది: ముద్దాయి తరఫున న్యాయవాది ఉన్నారు, క్రాస్ చేశారు. మేజిస్ట్రేటుగారు సాక్ష్యానికి వచ్చినప్పుడు ఆ చివరి లైను గురించి అడిగాను, అవును ముద్దాయి అలా చెప్పాడని ఒప్పుకున్నారు. కానీ తీర్పులో ఏం రాశారంటే, పోలీస్ స్టేషన్లో చూపించిన సంగతి పీడబ్ల్యూ1ని అడగలేదు, కనీసం అలా జరిగింది కదా అని ఆమె ముందు ఒక సజెషన్ కూడా పెట్టలేదు, కాబట్టి అది తర్వాత అల్లుకున్న మాట. చట్టం దృష్టిలో ఆ తీర్పులో తప్పు పట్టడం కష్టం. క్రాస్‌లో ప్రశ్నించకుండా వదిలేసిన మాటని ముద్దాయి ఒప్పుకున్నట్టే లెక్క.

ఏడేళ్లు పడింది. గొలుసు మాత్రం అతని దగ్గరే దొరికింది, అది నేనూ దాటలేను. స్నేహితుడు కుదువ పెట్టమని ఇచ్చాడని అతను నాతో అన్నాడు. అతను ఆ పని చేశాడో లేదో నాకు ఈనాటికీ తెలియదు. కానీ ముఖం గుర్తుపట్టిన సాక్ష్యం నిలబడకపోతే, మిగిలేది దొంగసొత్తు దగ్గర పెట్టుకున్న నేరమని గట్టిగా వాదించేదాన్ని. 411 సెక్షన్, ఎక్కువలో ఎక్కువ మూడేళ్లు. మధ్యనున్న నాలుగేళ్లు ఆ తువ్వాలు వాక్యం మీద, ఆ చివరి లైను మీద ఆధారపడి ఉన్నాయి.

నేను లేకపోయి ఉంటే

ఆ తర్వాత చాలా రోజులు నన్ను తొలిచింది నా తప్పు ఒక్కటే కాదు. ఇంకో ఆలోచన. నేను ఆ రోజు వరండాలో అటెండరుకి దొరక్కుండా ఉంటే ఆ కుర్రాడికి మేలు జరిగేది.

ఇది బాధలో అంటున్న మాట కాదు, లెక్క ప్రకారం అంటున్నాను. లాయరు లేకుండా విచారణ జరిపి శిక్ష వేస్తే ఆ శిక్ష నిలవదు. 1986లో సుక్‌దాస్ కేసులో సుప్రీంకోర్టు ఆ మాట తేల్చేసింది. అరుణాచల్‌లో ఒక ప్రభుత్వోద్యోగి. బెదిరింపు కేసు. లాయర్ని పెట్టుకునే స్తోమతు లేదు. తనంతట తానే క్రాస్ చేసుకున్నాడు, శిక్ష పడింది. లాయరు కావాలని అతను అడగలేదు కదా అన్న వాదన వచ్చింది. అడగాలని తెలిస్తే కదా అడగడానికి, చెప్పాల్సింది కోర్టే అన్నారు, శిక్ష రద్దు చేశారు. మా కుర్రాడి డిపాజిషన్లో "క్రాస్ నిల్, లాయరు లేరు" అని ఉంటే, అప్పీలులో ఆ ఒక్క మాట చాలేది. కనీసం సాక్షిని మళ్లీ పిలిపించే దారి తెరుచుకునేది. నేను ఉన్నాను. మూడు ప్రశ్నలడిగాను. రికార్డులో నా పేరు, లీగల్ ఎయిడ్ కౌన్సెల్ అని బ్రాకెట్లో. ఆ బ్రాకెట్టు అతని దారి మూసేసింది.

బాబాయికి చెప్పాల్సిన జవాబు ఇదే. లాయరు లేకపోవడాన్ని మన చట్టం వెంటనే గుర్తుపడుతుంది. లాయరు ఉండీ ఏమీ చేయలేని స్థితిలో ఉండడాన్ని గుర్తుపట్టదు. ఖాళీ కుర్చీ కనిపిస్తుంది గానీ, కుర్చీలో కూర్చున్న మనిషి చేతిలో కాగితాలు ఉన్నాయా లేవా అన్నది ఎక్కడా రాసి ఉండదు. పేదవాడికి ఉచితంగా లాయర్ని ఇచ్చామన్న తృప్తితో మనం చాలాసార్లు ఇస్తున్నది రికార్డుకి కావాల్సిన సంతకం.

డబ్బున్న ముద్దాయి కేసులో ఇలా జరగదా అంటే, జరుగుతుంది. ఫీజు తీసుకుని ఫైలు తెరవని లాయర్లు ఉన్నారు. కానీ అతనికి లాయర్ని మార్చుకునే వీలుంది. బయట ఉంటాడు, ఆఫీసుకి వచ్చి కూర్చుంటాడు, "సార్, ఆ రెండో పేజీ చూశారా" అని విసిగిస్తాడు. జైల్లో ఉన్నవాడు ఎవర్ని విసిగిస్తాడు?

ఖండ్వా

మా కేసు జరిగిన ఏడాదే, మధ్యప్రదేశ్‌లోని ఖండ్వాలో ఇంకో విచారణ జరిగింది. తొమ్మిదేళ్ల పాపపై అత్యాచారం, హత్య. అనోఖీలాల్ కేసని లాయర్లందరికీ తెలుసు. 2013 ఫిబ్రవరి 19న ముద్దాయికి కోర్టు ఒక లాయర్ని నియమించింది, అదే రోజు ఛార్జీలు ఖరారు చేసింది. మార్చి మొదటి వారానికి ఉరిశిక్ష పడింది. హైకోర్టు కూడా ఖరారు చేసింది.

2019 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ శిక్షని రద్దు చేసి కేసుని మళ్లీ మొదటి నుంచి విచారించమంది. లాయరు ఉన్నాడు, క్రాస్ కూడా చేశాడు. అయినా రద్దు చేశారు. ఆ లాయరుకి కాగితాలు చదివే వ్యవధి ఇవ్వలేదు, ముద్దాయితో మాట్లాడే అవకాశం ఇవ్వలేదు, త్వరగా ముగించాలన్న తొందరలో న్యాయం పూడిపోకూడదు అన్నారు. నియమాలూ పెట్టారు. యావజ్జీవం గానీ ఉరి గానీ పడగల కేసుల్లో కనీసం పదేళ్ల ప్రాక్టీసు ఉన్నవాళ్లనే నియమించాలి. తయారీకి మామూలుగా కనీసం ఏడు రోజులు ఇవ్వాలి. ముద్దాయిని కలిసి మాట్లాడే వీలు కల్పించాలి. ఆ నియమం 2013లో ఉండి ఉంటే ఆరేళ్ల ప్రాక్టీసున్న నన్ను ఆ కేసులో నియమించనే కూడదు.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కూడా కాదు. 1968లోనే ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన బషీరా కేసులో, విచారణ మొదలైన రోజే లాయర్ని నియమించారని మరణశిక్ష రద్దు చేసి మళ్లీ విచారించమన్నారు. యాభై ఏళ్ల తర్వాత అదే మాట మళ్లీ చెప్పాల్సి వచ్చింది.

ఖండ్వా కేసు తర్వాతి భాగం తీర్పులు చదివేవాళ్లకి తప్ప తెలియదు. మళ్లీ విచారణ జరిగింది, 2022లో మళ్లీ ఉరిశిక్ష పడింది. డీఎన్ఏ రిపోర్టు ఇచ్చిన నిపుణుడిని కోర్టుకి పిలిచి ప్రశ్నించనే లేదని హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. ఆయన్ని పిలిచి ప్రశ్నించాక, మూడో విడతలో, 2024లో ముద్దాయి నిర్దోషిగా విడుదలయ్యాడు. పదకొండేళ్లు జైలు. ఒక నిపుణుడిని అడగాల్సిన ప్రశ్నలు మొదటిసారే అడిగి ఉంటే ఏమయ్యేదో ఎవరికి వారు ఊహించుకోవచ్చు. ఆ పాప తల్లిదండ్రుల వైపు నుంచి చూసినా అంతే. పదకొండేళ్ల తర్వాత వాళ్లకి మిగిలిందేమిటి?

మరి ఆ ఆయా సంగతి?

నా వాదనకి గట్టి అడ్డంకి ఒకటుంది. దాన్ని నేను తేలిగ్గా దాటలేను, ఎందుకంటే ఆ ఆయాని బోనులో చూశాను. ఆమె రెండు బస్సులు మారి వచ్చింది. సెలవు పెట్టి వచ్చింది. చేతి మీద కుట్ల మచ్చ జడ్జిగారికి చూపించమంటే కొంగు జరిపి చూపించింది, వేళ్లు వణుకుతున్నాయి. నేను 311 వేసినప్పుడు ఆమెని మళ్లీ రప్పించమని అడుగుతున్నానని నాకు తెలుసు. ఆ రాత్రిని మూడోసారి, నాలుగోసారి చెప్పించడం.

2015లో ఢిల్లీ క్యాబ్ అత్యాచారం కేసులో సరిగ్గా ఇదే ప్రశ్న వచ్చింది. పాత లాయరు సరిగా క్రాస్ చేయలేదు, సాక్షుల్ని మళ్లీ పిలిపించండని కొత్త లాయరు అడిగాడు. హైకోర్టు సరేనంది. సుప్రీంకోర్టు కాదంది. లాయరు మారినప్పుడల్లా సాక్షుల్ని పిలుస్తూ పోతే విచారణకి అంతుండదు, బాధితురాలి కష్టం కూడా చూడాలి అన్నారు. చదివినప్పుడు నాకు ఒప్పుకోబుద్ధేసింది. ఇప్పటికీ సగం ఒప్పుకుంటాను. అక్కడ ముద్దాయి తనకు కావాల్సిన లాయర్ని పెట్టుకున్నాడు, ఆ లాయరుకి టైము ఉంది. ఆ తీర్పుని తీసుకొచ్చి పొద్దున నియమించి మధ్యాహ్నం క్రాస్ చేయమన్న లీగల్ ఎయిడ్ లాయరు కేసుకి అంటించడం మాత్రం అన్యాయం. కానీ మా కోర్టుల్లో అంటిస్తారు. "మార్చిన లాయరు" అన్న మాట దొరికితే చాలు, పిటిషన్ పోయినట్టే.

పోనీ చీఫ్, అంటే పీపీ అడిగితే సాక్షి మొదట చెప్పే సాక్ష్యం, ఈ రోజు తీసుకుని క్రాస్ వారం తర్వాత పెట్టవచ్చు కదా? సెషన్స్ విచారణలో జడ్జికి ఆ అధికారం ఉంది. ఇందులోనూ చిక్కు ఉంది. చీఫ్‌కీ క్రాస్‌కీ మధ్య ఎడం పెరిగితే సాక్షిని బెదిరించేవాళ్లు, కొనేవాళ్లు ఆ సందులో దూరతారు. పంజాబ్ కేసు ఒకదానిలో క్రాస్ ఇరవై నెలల తర్వాత జరిగి సాక్షి మాట మార్చేశాడు, సుప్రీంకోర్టు గట్టిగా మందలించింది. నా ఎదుటే అలా మారిన సాక్షుల్ని చూశాను. కాబట్టి టైమివ్వండి, వాయిదా వేయండి అని గుడ్డిగా అనలేను.

సమన్లు పంపేముందు

చాలా ఏళ్లు తిప్పి తిప్పి ఆలోచిస్తే నాకు అర్థమైంది ఒకటి. సాక్షి బోనెక్కాక ఏడు రోజులు ఇవ్వడం వల్ల సాక్షికి నష్టం. సాక్షికి సమను పంపేముందు ఏడు రోజులు ఇస్తే ఎవరికీ నష్టం లేదు. గొడవంతా ఆ రోజులు ఎక్కడ లెక్కపెడుతున్నామన్నదాని దగ్గరే ఉంది.

మొదటిసారి మేజిస్ట్రేటు ముందు నిలబెట్టినప్పటి నుంచే ముద్దాయికి లాయరు హక్కు ఉందని 1981లోనే, భాగల్పూర్ ఖైదీల కేసులో చెప్పారు. రిమాండు రోజు ఇప్పుడు ఎవరో ఒక లీగల్ ఎయిడ్ లాయరు ఉంటున్నారు కూడా. కానీ ఆ లాయరు వేరు, బెయిలుకి వేరు, కేసు సెషన్స్‌కి వెళ్లాక వేరు. రిమాండు లాయరు చెవిన పడ్డ మాట, "నన్ను స్టేషన్లో ఆమెకి చూపించారు" లాంటిది, మూడో లాయరు దాకా రాదు. ఎక్కడా రాసి పెట్టే అలవాటు లేదు. కాపీలు ముద్దాయి చేతికే ఇస్తారు, లాయరుకి కాదు. జైల్లో ఉన్నవాడి చేతిలో కాపీల కట్ట ఉంటే దానివల్ల అతని లాయరుకి ఒరిగేదేమీ లేదు.

నేననేది ఏమిటంటే, సాక్షుల షెడ్యూలు వేసేముందు జడ్జిగారు డాకెట్‌లో మూడు తేదీలు రాయాలి. లాయర్ని నియమించిన తేదీ. ఆ లాయరుకే కాపీలు అందిన తేదీ. ముద్దాయిని లాయరు విడిగా కలిసిన తేదీ. మూడో తేదీ లేకపోతే సమన్లు వెళ్లకూడదు. ఈ మూడూ లేకుండా విచారణ మొదలై, తర్వాత ఆ లాయరే సాక్షిని ఒక్కసారి మళ్లీ పిలిపించమని అడిగితే, "న్యాయవాది ఉన్నారు, క్రాస్ చేశారు" అన్న జవాబు చెల్లకూడదు. వీటికి కొత్త చట్టం అక్కర్లేదు. రాయడానికి ఒక నిమిషం పడుతుంది. అప్పీలు కోర్టుకి మాత్రం మొదటిసారి ఏదో కనిపిస్తుంది, ఆ కుర్చీలో కూర్చున్న మనిషి చేతిలో కాగితాలు ఉన్నాయా లేవా అన్నది.

మూడోది అన్నిటికన్నా కష్టం. వీడియోలో రిమాండు పొడిగించేటప్పుడు జైలు గదిలో ముద్దాయి పక్కన వార్డరు ఉంటాడు, ఇటువైపు కోర్టు నిండా జనం. దాన్ని కలవడం అనుకుంటే నా మూడు ప్రశ్నల్ని క్రాస్ అనుకున్నట్టే. జైలుకి వెళ్లాలి, కూర్చోవాలి, అతను మొదట అరగంట సంబంధం లేనివి చెప్తాడు, తల్లి గురించి, బాకీ గురించి. అవన్నీ వింటే గానీ అసలు మాట బయటికి రాదు. ఎందుకంటే ఊరికే వచ్చిన లాయరు పోలీసుల మనిషేనన్న అనుమానం పోవడానికి ఆ అరగంట పడుతుంది.

2022 నుంచి లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ పద్ధతి వచ్చింది. ప్రైవేటు కేసులు పట్టకుండా ఇదే పనిగా చేసే లాయర్లు. చీఫ్‌గా ఉండాలంటే పదేళ్ల ప్రాక్టీసు, డిప్యూటీకి ఏడేళ్లు. పాత ప్యానెల్ పద్ధతి కన్నా ఇది మేలే. మా దగ్గర ఆ ఆఫీసులో పనిచేసేవాళ్లు జైలుకి వెళ్తున్నారు, ఫైలు ఒకచోట ఉంటోంది, మనిషి మారినా కాగితం మిగులుతోంది. కానీ మనుషులు కొద్దిమంది, కోర్టులు ఎక్కువ. ఒకే ఉదయం మూడు కోర్టుల్లో పిలుపు వస్తే ఏదో ఒక కోర్టులో అటెండరు మళ్లీ వరండాలోకి వస్తాడు.

పోయిన నెల

ఆ వచ్చిన అటెండరుకి పోయిన నెల మా జూనియర్ అమ్మాయి దొరికింది. హత్య కేసు. ప్రాక్టీసు మూడేళ్లు. ఆమె పరుగున నా దగ్గరికొచ్చింది, "అక్కా, సాక్షి బోనెక్కాడట" అంటూ. ఇద్దరం కూర్చుని తెల్లకాగితం మీద మెమో రాశాం. ముద్దాయిని ఇంకా కలవలేదు, కాపీలు ఇంకా చేతికి రాలేదు, యావజ్జీవం పడగల కేసు కాబట్టి పదేళ్ల అనుభవం ఉన్నవారిని నియమించాలి, అనోఖీలాల్ తీర్పు ప్రకారం ఏడు రోజులు కావాలి. నాలుగు వాక్యాలు. కింద తేదీ, టైము, పదకొండూ పది. మెమో రికార్డులో చేరాక ఆ పేజీని ఎవరూ చింపలేరు, అది ఆమెకి గట్టిగా చెప్పాను.

జడ్జిగారు మెమో చదివారు, నన్ను చూశారు. "మీరు చేస్తారా?" అన్నారు. చేస్తానన్నాను. ఎనిమిది రోజులు వాయిదా ఇచ్చారు, కాపీలు నాకు ఆ రోజే ఇప్పించారు.

సాక్షి చనిపోయిన కుర్రాడి తండ్రి. తెల్లారకుండానే బయల్దేరి ఎక్కడో లోపలి ఊరి నుంచి వచ్చాడు. బోను దిగి బయటికొచ్చి, కోర్టు కానిస్టేబుల్‌ని "మళ్లా రావాలా?" అని అడుగుతున్నాడు. కానిస్టేబుల్ నన్ను చూపించాడు. పెద్దాయన నా దగ్గరికొచ్చి ఆగాడు.

"నీవల్లేనా అమ్మా ఈ వాయిదా?"

అవునన్నాను. ఆయన కాసేపు నా చేతిలో కట్ట వైపు చూశాడు, కానిస్టేబుల్ దగ్గరికి తిరిగి వెళ్లి, తేదీ కాగితమ్మీద రాసిమ్మన్నాడు. ఆ కాగితం నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకుని మెట్లు దిగాడు.